ఒక్క పేజీలో మీ పెట్టుబడి నియమాలు: కొనడం, అమ్మడం, రీబ్యాలెన్స్ చేయడం ఎలా రాసుకోవాలి

మార్కెట్ పడిన ప్రతిసారీ నాకు వచ్చే ఫోన్లు రెండు రకాలు. "సిప్ ఆపేయమంటారా?" అనేది మొదటిది. "ఇంకొంచెం పడ్డాక కొందామా?" అనేది రెండోది. పెరిగినప్పుడు కూడా రెండే: "లాభం తీసేసుకోనా?", "ఎఫ్‌డీ బద్దలుకొట్టి పెట్టేయనా?" ఈ నాలుగింటికీ జవాబు ఆ రోజు ఆలోచించి చెప్పేది కాదు. ముందే, మనసు కుదురుగా ఉన్న ఒక ఆదివారం కాగితం మీద రాసి ఉండాలి. ఆ కాగితం ఎలా రాయాలో ఇక్కడ చెబుతున్నాను.

ఇది నాకూ ఊరికే వచ్చిన తెలివి కాదు. 2020 మార్చి 23న నిఫ్టీ ఒక్క రోజులో 13 శాతం పడింది. ఆ వారమే నేను సిప్‌లు ఆపేశాను. "పరిస్థితి చక్కబడ్డాక మొదలుపెడదాం" అనుకున్నాను. చక్కబడడం అంటే ఏమిటో ఎక్కడా రాసుకోలేదు కాబట్టి అది ఆగస్టు దాకా చక్కబడలేదు. నవంబరుకల్లా నిఫ్టీ జనవరి నాటి గరిష్ఠాన్ని దాటేసింది. చౌకగా యూనిట్లు దొరికిన అయిదు నెలలు నేను బయటే నిలబడ్డాను.

ముందే ఒక మాట. నేను సెబీ రిజిస్టర్డ్ సలహాదారుని కాదు. కింద ఇచ్చిన శాతాలు ఒక ఇంటి లెక్కకు సరిపోయినవి, మీ లెక్క వేరు. పన్ను రేట్లు 2025-26 ఆర్థిక సంవత్సరానివి. అమెరికాలోనో మరో దేశంలోనో ఉండి ఇక్కడి ఫండ్లలో పెట్టేవాళ్లకు అక్కడి పన్ను లెక్క పూర్తిగా వేరు కాబట్టి పన్నుకు సంబంధించిన ముక్క వాళ్లకు పనికిరాదు.

కావలసినవి

- ఒక ఏ4 కాగితం, పెన్ను. చేత్తోనే రాయండి. ఫోన్‌లో రాసుకున్నది ఫోన్‌లోనే దిద్దేస్తాం.
- మీ మ్యూచువల్ ఫండ్లన్నీ ఒకచోట చూపించే స్టేట్‌మెంట్, అంటే సీఏఎస్. క్యామ్స్ లేదా కేఫిన్‌టెక్ సైట్‌లో మీ ఈమెయిల్ ఇస్తే మెయిల్‌కు వస్తుంది. Detailed రకం తీసుకోండి. Summary లో లావాదేవీలు కనిపించవు. షేర్లు, ఈటీఎఫ్‌లు డీమ్యాట్‌లో ఉంటే డిపాజిటరీ పంపే స్టేట్‌మెంట్ కూడా కావాలి.
- ఈపీఎఫ్ పాస్‌బుక్, పీపీఎఫ్ నిల్వ, ఎఫ్‌డీల జాబితా.
- ఇంట్లో డబ్బు నిర్ణయాల్లో పాలుపంచుకునే రెండో మనిషి. భార్యో, భర్తో, పెళ్లికాకపోతే అన్నో అక్కో.
- రెండు గంటల సమయం, మార్కెట్ లేని రోజు.

ఉదాహరణగా మా పిన్ని కొడుకు, మా మరదలు రాసుకున్న కాగితాన్నే తీసుకుంటున్నాను. అంకెలను గుండ్రంగా చేశాను. ఇద్దరూ ఉద్యోగస్తులు, కరీంనగర్‌లో ఉంటారు, ఒక పాప. దీర్ఘకాలానికి పెట్టింది 20 లక్షలు, నెలకు సిప్ 25 వేలు.

1. ఏది లెక్కలోకి వస్తుందో, ఏది రాదో తేల్చండి

ఎక్కువమంది తడబడేది ఇక్కడే, అందుకే కాస్త ఆగి చెబుతాను.

మా తమ్ముడు మొదట ఇచ్చిన జాబితాలో సొంతిల్లు, ఊరవతల ప్లాటు, మరదలి నగలు, నడుస్తున్న చీటీ, అత్యవసర నిధి అన్నీ ఉన్నాయి. అన్నీ ఆస్తులే, కాదనను. కానీ ఈ కాగితం పని, రాసుకున్న శాతాలు తప్పినప్పుడు ఒక డబ్బాలోంచి తీసి ఇంకో డబ్బాలో వేయడం. రీబ్యాలెన్స్ అంటే ఇదే. పావు ప్లాటు అమ్మి ఫండ్ కొనలేం. మజూరీ, తరుగు పోగొట్టుకుని ఎవరూ గొలుసు అమ్మి రీబ్యాలెన్స్ చేయరు, చేయమన్నా ఇంట్లో ఒప్పుకోరు. కాబట్టి ఇల్లు, ప్లాటు, నగలు, చీటీ కాగితం బయటే. ఆరు నెలల ఖర్చుకు పక్కన పెట్టిన అత్యవసర నిధి కూడా బయటే. దాని పేరు కాగితంలో ఒక్కసారే వస్తుంది, "ముట్టుకోకూడదు" అని.

మిగిలినది మూడు డబ్బాలు: ఈక్విటీ, అంటే షేర్లు, షేర్ల ఫండ్లు; డెట్, అంటే వడ్డీ తెచ్చేవి; బంగారం (ఈటీఎఫ్ లేదా ఫండ్ రూపంలో ఉన్నది మాత్రమే). వాళ్లకు ఈక్విటీలో 12 లక్షలు, డెట్‌లో 6 లక్షలు, బంగారంలో 2 లక్షలు తేలాయి.

ఇప్పుడు డెట్‌ను రెండు ముక్కలు చేయండి, కదిలేది, కదలనిది. వాళ్ల 6 లక్షల్లో ఈపీఎఫ్, పీపీఎఫ్ కలిపి 4.2 లక్షలు. అది డెట్టే, కానీ రేపు మార్కెట్ పడితే అందులోంచి తీసి ఈక్విటీ కొనలేరు. షార్ట్ టర్మ్ డెట్ ఫండ్‌లో ఉన్న 1.8 లక్షలే కదులుతుంది. ఈ తేడా రాసుకోకపోతే కాగితం మీద రీబ్యాలెన్స్ చక్కగా కుదురుతుంది, అమలు చేసే రోజున డబ్బు దొరకదు. ఈక్విటీ వైపు కూడా ఇదే చూడండి. పన్ను మినహాయింపు కోసం కొన్న ఈఎల్ఎస్ఎస్‌లో ప్రతి వాయిదాకూ మూడేళ్ల లాక్ ఉంటుంది.

2. ఈక్విటీ శాతాన్ని రూపాయల్లో పరీక్షించి రాయండి

"నేను 30 శాతం నష్టం తట్టుకోగలను" అని అందరూ అంటారు. శాతం నొప్పి పుట్టించదు. అందుకని ఇలా అడగండి: ఈక్విటీలో ఉన్న 12 లక్షలు వచ్చే దీపావళికి 6 లక్షలు అయి, ఏడాది పాటు అక్కడే ఉంటే మీరేం చేస్తారు? సగం అన్నది బెదిరింపు కాదు. 2008 జనవరి గరిష్ఠం నుంచి అక్టోబరు దాకా నిఫ్టీ దాదాపు 60 శాతం పడింది.

మా తమ్ముడు 75 శాతం ఈక్విటీ అన్నాడు. మరదలు 50 అంది. పై ప్రశ్న వేశాక ఇద్దరూ కాసేపు మాట్లాడలేదు. చివరికి 60 దగ్గర ఆగారు. ఈక్విటీ 60, డెట్ 30, బంగారం 10. ఇద్దరిలో ఎవరు ఎక్కువ భయపడతారో వాళ్ల అంకెకు దగ్గరగా ఉండడమే మేలని నా అభిప్రాయం. పడిన రోజున ఇంట్లో గెలిచేది ఆ గొంతే.

మూడేళ్లలోపు కావలసిన డబ్బు (ఇంటి అడ్వాన్సు, కాలేజీ ఫీజు) ఈ లెక్కలోకి రాకూడదు. దాన్ని ఎఫ్‌డీలో వేరుగా ఉంచండి.

3. కొనే నియమాలు

నియమం ఎలా ఉండాలంటే, మీరు ఊళ్లో లేకపోయినా రెండో మనిషి చదివి "అవును, కొనాలి" లేదా "కాదు" అని చెప్పగలగాలి. "మంచి అవకాశం వస్తే కొనాలి" అన్నది నియమం కాదు. మంచి అని ఎవరు తేలుస్తారు?

వాళ్లు రాసుకున్నవి నాలుగు.

సిప్ ప్రతి నెలా 5న: ఈక్విటీకి 18 వేలు, డెట్‌కు 5 వేలు, బంగారానికి 2 వేలు. ఆపడానికి రెండే కారణాలు: ఒక జీతం ఆగిపోవడం, లేదా అత్యవసర నిధి మూడు నెలల ఖర్చు కంటే తగ్గడం. మార్కెట్ స్థాయి కారణం కాదు.

బోనస్ లాంటి పెద్ద మొత్తం వస్తే ముందు అత్యవసర నిధి నింపాలి. మిగిలినది మూడు డబ్బాల్లో ఏది లక్ష్యం కంటే తక్కువ ఉంటే అందులోకి, ఆరు సమాన వాయిదాల్లో.

జాబితాలో లేని కొత్తది ఏదైనా కొనాలంటే, అది ఫండైనా, ఐపీఓ అయినా, తెలిసినవాళ్లు చెప్పిన ప్రీ లాంచ్ ప్లాటైనా, కాగితం వెనక తేదీ వేసి రెండు వాక్యాలు రాయాలి: ఎందుకు కొంటున్నాం, ఏం జరిగితే ఇది తప్పు అని ఒప్పుకుంటాం. ఏడు రోజులు ఆగాలి. ఆ తర్వాత ఇద్దరూ సంతకం పెడితేనే కొనాలి. "ఈ రోజే ఆఖరు" అన్న ఆఫర్లన్నీ ఈ ఏడు రోజుల్లో వాటంతటవే రాలిపోతాయి.

నాలుగోది సరదా ఖాతా. దీనికి నేను మొదట్లో ఒప్పుకోలేదు. కానీ చేతి దురద పూర్తిగా అణచమంటే జనం కాగితాన్నే చింపేస్తారు. అందుకని 1 లక్ష, అంటే 20 లక్షలకు 5 శాతం లెక్కన, విడిగా ఒక బ్రోకర్ ఖాతాలో పెట్టుకున్నారు. ఇది 20 లక్షల బయట. దాంట్లో ఏమైనా కొనుక్కోవచ్చు. కరిగిపోతే మళ్లీ నింపకూడదు. ఎఫ్ అండ్ ఓ, అంటే ఫ్యూచర్స్, ఆప్షన్స్ ట్రేడింగ్, మాత్రం ఇందులో కూడా వద్దని మరదలు రాయించింది. 2021-22 నుంచి 2023-24 వరకు మూడు ఆర్థిక సంవత్సరాల్లో ఎఫ్ అండ్ ఓ చేసిన వ్యక్తుల్లో 93 శాతం మంది నష్టపోయారని సెబీయే చెప్పింది. ఆ ఒక్క అంకె చాలింది.

4. అమ్మే నియమాలు

కొనడం కంటే అమ్మడం కష్టం, ఎందుకంటే అమ్మాలనిపించే రోజున కారణాలు వరదలా వస్తాయి. అందుకే అమ్మదగ్గ కారణాలను మాత్రమే రాయండి. జాబితాలో లేని కారణం కారణమే కాదు.

(అ) ఆ డబ్బుతో చేయాల్సిన పనికి మూడేళ్ల లోపు సమయమే మిగిలింది. (ఆ) అయిదో మెట్టులో చెప్పే హద్దు దాటింది. (ఇ) కొన్నప్పుడు రాసిన "ఏం జరిగితే తప్పు" అన్నది నిజంగానే జరిగింది. (ఈ) అత్యవసర నిధి అయిపోయి కూడా అత్యవసరం తీరలేదు.

ఇంతే. "చాలా పెరిగింది", "చాలా పడింది", "యుద్ధం వచ్చింది", "టీవీలో చెప్పారు" ఇందులో లేవు.

(ఇ) దగ్గర ఒక చిక్కు ఉంది. మేనేజర్ ఎంచుకుని నడిపే ఫండ్ ఉంటే "ఎన్నాళ్లు వెనకబడితే అమ్మాలి?" అని తప్పకుండా అడుగుతారు. ఏడాది వెనకబడితే అని రాస్తే ప్రతి ఏడాదీ ఏదో ఒకటి అమ్మి, నిరుడు బాగా పెరిగినది కొంటూ ఉంటారు. అది నియమం వేషం వేసుకున్న తొందరపాటే. కనీసం మూడు పూర్తి సంవత్సరాలు, తను పోటీపడే సూచీతో, అంటే బెంచ్‌మార్క్‌తో పోల్చి, అదీ ఏడాది సమీక్ష రోజున మాత్రమే చూడాలని రాసుకోండి. మా తమ్ముడు ఈ గొడవంతా వద్దని ఈక్విటీ మొత్తం ఒక నిఫ్టీ 50 ఇండెక్స్ ఫండ్, ఒక నెక్స్ట్ 50 ఇండెక్స్ ఫండ్‌గా మార్చుకోవాలనుకున్నాడు. ఒక్కసారే మార్చితే పన్ను పడుతుంది కాబట్టి కొత్త సిప్‌లు వాటిలోకి మళ్లించి, పాతవి సర్దేటప్పుడల్లా ముందు అమ్మేలా రాశాం.

పన్ను లైను ఒకటి ఇక్కడే రాసి పెట్టుకోండి. ఈక్విటీ ఫండ్ ఏడాది దాటాక అమ్మితే ఒక ఆర్థిక సంవత్సరంలో 1.25 లక్షల లాభం వరకు పన్ను లేదు, ఆపైన 12.5 శాతం. ఏడాదిలోపు అమ్మితే లాభంపై 20 శాతం, చాలా ఫండ్లలో దానికి తోడు అమ్మిన విలువపై ఫండ్ కోసుకునే 1 శాతం ఎగ్జిట్ లోడ్. 2023 ఏప్రిల్ 1 నుంచి కొన్న డెట్ ఫండ్ల లాభం మీ స్లాబ్ ప్రకారం. వీటికి సెస్ అదనం. ఇంకొకటి: ఒకే ఫండ్ కంపెనీలో "స్విచ్" నొక్కినా పన్ను లెక్కలో అది అమ్మకమే. డబ్బు బ్యాంకుకు రాలేదు కదా అని చాలామంది దీన్ని మరిచిపోతారు.

5. రీబ్యాలెన్స్ నియమం: ఎప్పుడు, ఎంత, ఏ క్రమంలో

ఈక్విటీ, డెట్‌లకు హద్దు అటూ ఇటూ 5, బంగారానికి 3. అంటే ఈక్విటీ 55 నుంచి 65 మధ్య ఉంటే ఏమీ చేయరు. ఏమీ చేయకపోవడం కూడా నియమమే, దాన్నీ రాయండి.

చూసేది ఏడాదికి రెండుసార్లు. వాళ్లు ఉగాది తర్వాతి ఆదివారం, దసరా తర్వాతి ఆదివారం పెట్టుకున్నారు. పంచాంగ శ్రవణంలో మన రాశి ఆదాయ వ్యయాలు ఎలాగూ వింటాం, ఆ వారమే ఇంటివి కూడా చూసుకుంటే మరిచిపోరు. ఉగాది ఎక్కువగా ఆర్థిక సంవత్సరం మారే రోజుల దగ్గరే వస్తుంది కాబట్టి ఇంకో సౌకర్యం ఉంది. పెద్ద మొత్తం అమ్మాల్సి వస్తే కొంత మార్చి 31లోపు, మిగతాది ఏప్రిల్‌లో అమ్మితే 1.25 లక్షల మినహాయింపు రెండుసార్లు వాడుకోవచ్చు. ఉగాది తర్వాతి ఆదివారం ఏప్రిల్‌లో పడే ఏడాది ఈ వెసులుబాటు కోసం మార్చి చివరి ఆదివారమే చూసేయండి.

లెక్కకు చిన్న షీట్ చాలు. A లో డబ్బా పేరు, B లో ఇవాళ్టి విలువ, C లో లక్ష్యం శాతం, D లో ఇవాళ్టి శాతం, E లో హద్దు. మూడు డబ్బాలు 2, 3, 4 వరుసల్లో, B5 లో మొత్తం. D2 లో మొదటి సూత్రం, F2 లో రెండోది రాసి కిందికి లాగండి:

```
=B2/B$5*100
=IF(ABS(D2-C2)>E2,"దాటింది","సరే")
```

ఇప్పుడు పెరిగిన మార్కెట్ చూద్దాం. ఈక్విటీ 17.6 లక్షలు, డెట్ 6.5, బంగారం 1.9 అయ్యాయనుకోండి. మొత్తం 26 లక్షలు. ఈక్విటీ 67.7 శాతం, హద్దు దాటింది. లక్ష్యానికి రావాలంటే 2 లక్షలు ఈక్విటీలోంచి బయటకు రావాలి.

వెంటనే అమ్మకూడదు. ముందు కొత్త డబ్బు వాడాలి. ఆరు నెలల పాటు సిప్ మొత్తం 25 వేలూ డెట్‌కు, బంగారానికి వెళ్తుంది, డెట్‌కు లక్ష, బంగారానికి 50 వేలు చేరేలా. ధరలు అక్కడే ఉంటే ఆరు నెలలకు మొత్తం 27.5 లక్షలు, ఈక్విటీ 64 శాతం. హద్దులోకి వచ్చేసింది, ఒక్క యూనిట్ అమ్మలేదు, పన్ను లేదు. (జీతంలోంచి ఈపీఎఫ్‌కు వెళ్లేది లెక్క తేలిక కోసం వదిలేశాను. అది కలిస్తే ఇంకాస్త తగ్గుతుంది.)

ఈలోగా ఈక్విటీ ఇంకా పెరిగి 18.5 లక్షలు అయితే? మొత్తం 28.4, ఈక్విటీ 65.1. ఇంకా బయటే ఉంది కాబట్టి ఇప్పుడు అమ్మాలి, హద్దు దాకా కాదు, లక్ష్యం దాకా. 28.4లో 60 శాతం 17.04. అమ్మాల్సింది 1.46 లక్షలు. అందులో 1.02 డెట్‌కు, 44 వేలు బంగారానికి. ఫండ్‌లో ముందు కొన్న యూనిట్లే ముందు అమ్ముడవుతాయి, వాటిలోనే లాభం ఎక్కువ. సగం లాభమే అనుకున్నా 73 వేలు. ఆ ఏడాది మరే ఈక్విటీ అమ్మకమూ లేకపోతే 1.25 లక్షల లోపే, పన్ను సున్నా.

పడిన మార్కెట్ సంగతి వేరు, అసలు పరీక్ష అదే. మొదటి 20 లక్షల దగ్గరే ఈక్విటీ 35 శాతం పడి 12 కాస్తా 7.8 లక్షలు అయింది, డెట్ 6 అలాగే ఉంది, బంగారం 2.2 అయిందనుకోండి. మొత్తం 16. ఈక్విటీ 48.75 శాతం. 16లో 60 శాతం 9.6, అంటే 1.8 లక్షల ఈక్విటీ కొనాలి. డెట్ 4.8కి రావాలి, అందులోంచి 1.2. బంగారం 1.6కి రావాలి, అందులోంచి 60 వేలు. కదిలే డెట్ 1.8 లక్షలు ఉంది కాబట్టి కుదురుతుంది. మొదటి మెట్టులో రెండు ముక్కలు చేయించింది ఇందుకే.

ఒక్కసారే కొనడానికి చేయి రాదు. అందుకని నెలకు 60 వేల చొప్పున మూడు నెలలు అని రాసుకున్నారు. ఇలా విడగొడితే లాభం ఎక్కువ వస్తుందని కాదు, అమలు అవుతుందని. కింద ఒక గోడ కూడా కట్టాలి: కదిలే డెట్ 50 వేల కంటే తగ్గకూడదు, అత్యవసర నిధిలోంచి ఒక్క రూపాయి రాకూడదు, అప్పు చేసి కొనకూడదు. ఇంకా పడితే? కదిలే డెట్ గోడను తాకాక సిప్ మాత్రమే నడుస్తుంది, ఇంకేమీ లేదు.

ఆరు నెలల మధ్యలో పెద్ద పతనం వస్తే ఆగాలా అని అడుగుతారు. ఒక మినహాయింపు ఇచ్చుకోవచ్చు. నిఫ్టీ తన గరిష్ఠం నుంచి 25 శాతం కంటే ఎక్కువ పడి ముగిసిన వారం శనివారం షీట్ తెరవాలి. అంతకు తక్కువైతే తెరవకూడదు. 2024 సెప్టెంబరు నుంచి 2025 మార్చి దాకా నిఫ్టీ సుమారు 16 శాతం తగ్గింది. ఆ కాలమంతా ఈ నియమం ప్రకారం చేయాల్సింది ఏమీ లేదు, మామూలు సమీక్ష రోజులు తప్ప.

6. కాగితాన్ని మార్చే నియమం

ఇది లేకపోతే పైవన్నీ దండగ. మార్పు ఏదైనా తేదీతో రాసి, 30 రోజుల తర్వాతే అమలు, ఇద్దరి సంతకాలతో. ఉద్యోగం పోవడం, పిల్లలు పుట్టడం, వారసత్వం రావడం లాంటి వాటికి వెంటనే మార్చుకోవచ్చు. మార్కెట్ వల్ల మార్చాలనిపిస్తే సమీక్ష రోజు దాకా ఆగాలి.

పూర్తయిన కాగితం ఇలా ఉంటుంది

> ఎందుకు: పాప చదువు (12 ఏళ్ల తర్వాత), మా రిటైర్మెంట్.
> డబ్బాలు: ఈక్విటీ 60 (55–65), డెట్ 30 (25–35), బంగారం 10 (7–13). ఇల్లు, ప్లాటు, నగలు, చీటీ లెక్కలో లేవు. అత్యవసర నిధి ముట్టుకోకూడదు.
> కొ1. సిప్ 5వ తేదీన, 18+5+2 వేలు. జీతం ఆగితే లేదా నిధి 3 నెలల కంటే తగ్గితేనే ఆపాలి.
> కొ2. పెద్ద మొత్తం: ముందు నిధి, తర్వాత తక్కువున్న డబ్బా, 6 వాయిదాలు.
> కొ3. కొత్తదైతే 2 వాక్యాలు, 7 రోజులు, 2 సంతకాలు.
> కొ4. సరదా ఖాతా 1 లక్ష. నింపకూడదు. ఎఫ్ అండ్ ఓ వద్దు.
> అ1. పనికి 3 ఏళ్లలోపు ఉంటే. అ2. హద్దు దాటితే. అ3. రాసుకున్న తప్పు జరిగితే. అ4. నిధి అయిపోయాక. ఇంకే కారణానికీ అమ్మకూడదు.
> రీ1. ఉగాది, దసరా తర్వాతి ఆదివారాలు. నిఫ్టీ గరిష్ఠం నుంచి 25 శాతం దాటి పడితే ఆ శనివారం.
> రీ2. పైకి దాటితే 6 నెలలు సిప్ మళ్లించాలి. అయినా దాటే ఉంటే లక్ష్యం దాకా అమ్మాలి.
> రీ3. కిందికి దాటితే 3 నెలసరి వాయిదాల్లో లక్ష్యం దాకా కొనాలి. కదిలే డెట్ కనీసం 50 వేలు. అప్పు వద్దు.
> మా1. మార్పు 30 రోజుల తర్వాతే.
> సంతకాలు, తేదీ.

రెండో పేజీకి పోతోందంటే నియమాలు తీసేయండి, అక్షరాలు చిన్నవి చేయకండి. నియమాలకు ఇలా పొట్టి పేర్లు పెట్టడం అలంకారం కాదు, అవి కింద పనికొస్తాయి.

సరిగ్గా రాశారో లేదో చూడడం

మొదటి పరీక్ష కాగితాన్ని రెండో మనిషికి ఇచ్చి, మీరు పక్క గదిలోకి వెళ్లడం. వాళ్లు ఒక్కరే మూడింటికి జవాబు రాయాలి: నిఫ్టీ ఈ వారం 10 శాతం పడింది, ఏం చేయాలి? ఆఫీసు స్నేహితుడు ఒక చిన్న కంపెనీ షేరు చెప్పాడు, ఏం చేయాలి? 3 లక్షల బోనస్ వచ్చింది, ఏం చేయాలి? మీరూ రాయండి. రెండు జవాబులూ కలవకపోతే తప్పు మనుషులది కాదు, ఆ వాక్యానిది. మా తమ్ముడి వాళ్లకు మూడోదాంట్లో తేడా వచ్చింది. "తక్కువున్న డబ్బా" అంటే హద్దు కంటే తక్కువా, లక్ష్యం కంటే తక్కువా అని. లక్ష్యం కంటే అని పక్కన రాసుకున్నారు.

రెండోది గడిచిన రోజులతో పరీక్ష. 2024 జూన్ 4, ఎన్నికల ఫలితాల రోజు. నిఫ్టీ దాదాపు 6 శాతం పడింది. కాగితం ప్రకారం ఆ రోజు ఏం చేయాలి? ఏమీ చేయకూడదు, మర్నాడు 5వ తేదీ సిప్ వెళ్తుంది. మూడు ట్రేడింగ్ రోజుల్లో నిఫ్టీ ఫలితాల ముందు స్థాయికి వచ్చేసింది. ఇంకోటి 2020 మార్చి 23. గరిష్ఠం నుంచి పతనం అంతకుముందు వారమే 25 శాతం దాటింది కాబట్టి షీట్ తెరవాలి, హద్దు దాటి ఉంటే రీ3 మొదలవుతుంది. మీ కాగితం ఈ రెండు రోజులకూ సూటిగా జవాబు చెప్పలేకపోతే ఇంకా పూర్తి కాలేదు.

మూడోది ఏడాది తర్వాత. ఆ ఏడాది Detailed సీఏఎస్, డిపాజిటరీ స్టేట్‌మెంట్ ప్రింటు తీసి, ప్రతి లావాదేవీ పక్కన నియమం పేరు రాయండి: కొ1, కొ1, కొ2, రీ2. ఏ పేరూ పెట్టలేని వరుసలను ఎర్ర పెన్నుతో చుట్టండి. ఎన్ని సున్నాలు వచ్చాయన్నదే మీ మార్కు, లాభం ఎంత వచ్చిందన్నది కాదు. నియమం తప్పి చేసిన కొనుగోలు లాభం తెచ్చినా సున్నా చుట్టాల్సిందే. మా తమ్ముడి మొదటి ఏడాది నాలుగు సున్నాలు. మూడు ఐపీఓలు, ఒకటి "కొంచెం పడింది కదా" అని అదనంగా వేసిన 20 వేలు. అదీ ఈక్విటీ 63 శాతం ఉన్నప్పుడు.

ఒకే నియమం దగ్గర మళ్లీ మళ్లీ సున్నాలు వస్తుంటే మాత్రం మిమ్మల్ని మీరు తిట్టుకోవడం కంటే ఆ నియమాన్ని చూడండి. తమ్ముడి ఐపీఓలు సరదా ఖాతాలోంచి వెళ్లాల్సినవి. ఆ బ్రోకర్ ఖాతాకు కలిపిన బ్యాంకు ఖాతా, జీతం పడే ఖాతా ఒకటే కావడంతో డబ్బు అడ్డూ అదుపూ లేకుండా వెళ్లింది. వేరే బ్యాంకులో ఒక ఖాతా తెరిచి, లక్ష అందులో వేసి, బ్రోకర్‌కు దాన్ని మాత్రమే కలిపాడు. రెండో ఏడాది ఒక్క సున్నానే వచ్చింది, అది మరదలిది. ధన త్రయోదశి రోజు కొన్న గోల్డ్ ఈటీఎఫ్.